దోమల మందులో దాగిన బంధం: ఆమ్లం, ఎమీన్, మధ్యలో క్షారం

ఒంటికి రాసుకునే దోమల మందుల్లో ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది డీట్. అమెరికా వ్యవసాయ శాఖ దీన్ని సైనికుల కోసం తయారుచేసింది. 1957 నుంచి అక్కడి మామూలు జనానికీ అందుబాటులోకి వచ్చింది. దాని పూర్తి పేరు ఎన్,ఎన్-డైఇథైల్-మెటా-టాలూఎమైడ్. పేరు పొడుగే గానీ, విడదీసి చూస్తే రెండే ముక్కలు. ఒకటి మెటా-టాలూయిక్ ఆమ్లం, తెల్లటి పొడి. రెండోది డైఇథైల్ ఎమీన్, చేపల వాసన కొట్టే పల్చటి ద్రవం, 55 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఈ రెండూ కలిసి, మధ్యలోంచి ఒక నీటి అణువు బయటికి పోతే డీట్ వస్తుంది. అప్పుడు కార్బన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య పడే బంధమే ఎమైడ్ బంధం. మన ఒంట్లోని ప్రోటీన్లను, నైలాన్ దారాన్ని పట్టి ఉంచేది కూడా ఇదే.

కాగితం మీద ఇంత సులువైన పని ఫ్లాస్కులో మాత్రం జరగదు. ఆమ్లాన్నీ ఎమీన్‌నూ కలిపితే వేడి పుడుతుంది, కాబట్టి ఏదో జరిగినట్టే కనిపిస్తుంది. కానీ వచ్చేది డీట్ కాదు, ఉప్పు. ఆమ్లం చేతిలో వదిలేయడానికి సిద్ధంగా ఒక ప్రోటాన్ ఉంది, ఎమీన్‌కు దాన్ని అందుకునే గుణం ఉంది. బంధం కట్టుకునేలోపే ప్రోటాన్ చేతులు మారిపోతుంది. నీటిలో లెక్కేస్తే ఈ జంట విషయంలో ఉప్పు వైపు మొగ్గు దాదాపు 50 లక్షల రెట్లు. ఉప్పుగా మారాక రెండు వైపులా తలుపులు మూసుకుపోతాయి. ఎమీన్ తన ఎలక్ట్రాన్ జంటను ప్రోటాన్‌కు ఇచ్చేసింది, ఇక దాడి చేయడానికి దాని దగ్గర ఏమీ లేదు. ఆమ్లం రుణావేశం తెచ్చుకుంది, దాని కార్బన్‌కు ఇక ఎలక్ట్రాన్ల మీద ఆకలి లేదు.

ఆ ఉప్పును చాలా ఎక్కువ వేడి మీద ఉడికించి నీటిని తరిమేస్తే కొన్ని ఎమైడ్లు వస్తాయి. నైలాన్ 6,6ను ఫ్యాక్టరీల్లో చేసేది ఇలాగే. కానీ 55 డిగ్రీలకే ఆవిరయ్యే డైఇథైల్ ఎమీన్‌తో మూత లేని ఫ్లాస్కులో ఆ పని సాగదు. సున్నితమైన మందుల అణువులైతే ఆ వేడికి తామే చెడిపోతాయి.

అసలు చిక్కు ఆమ్లంలోని –OH గుంపుతోనే. ఎమీన్ వచ్చి కార్బన్‌కు అతుక్కోవాలంటే ఎవరో ఒకరు అక్కడి నుంచి లేచిపోవాలి. –OH ఖాళీ చేయమంటే కదలని అద్దెదారు లాంటిది. దాని చోట తేలిగ్గా వెళ్లిపోయే మరొకదాన్ని కూర్చోబెట్టాలి. క్లోరిన్‌ను కూర్చోబెడితే ఆమ్ల క్లోరైడ్ అవుతుంది. మరో ఆమ్లపు ముక్కను కూర్చోబెడితే ఎన్‌హైడ్రైడ్ అవుతుంది. వోలర్, లీబిగ్ 1832లోనే బెంజాయిల్ క్లోరైడ్ చేసి, దాన్ని అమోనియాతో కలిపి బెంజమైడ్ రాబట్టారు. దాదాపు 200 ఏళ్లుగా నడుస్తున్న దారి ఇది.

క్లోరిన్ తొడగడానికి ల్యాబుల్లో మొదట గుర్తొచ్చేది థయోనిల్ క్లోరైడ్. ఇది 76 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. సీసా మూత తీస్తే తేమ గాలికే పొగలు కక్కుతుంది. ఆమ్లంతో అది జరిపే వ్యవహారం ఇది:

RCOOH + SOCl2 → RCOCl + SO2 + HCl

ఈ సమీకరణంలో చూడాల్సింది కుడివైపు. మనకు కావలసిన RCOCl తప్ప మిగతా రెండూ వాయువులే. పుట్టగానే ఫ్లాస్కులోంచి వెళ్లిపోతాయి, తిరిగి వచ్చి చర్యను వెనక్కి నడిపే అవకాశం లేదు. మిగిలిపోయిన థయోనిల్ క్లోరైడ్‌ను కూడా వేడిచేసి తరిమేయొచ్చు. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ అనే ద్రవాన్ని వెనక వదిలి వెళ్తుంది. దాన్ని విడదీయడం అదనపు పని. ఏ పద్ధతిలోనైనా ఏం వస్తుందన్నదెంత ముఖ్యమో, ఏం మిగులుతుందన్నదీ అంతే ముఖ్యమని నా నమ్మకం. ఈ వ్యాసమంతా ఒక విధంగా ఆ మిగులు గురించే.

ఇక లెక్కల్లోకి వద్దాం. కాలేజీ ల్యాబులో చేసే స్థాయి తీసుకుందాం. మెటా-టాలూయిక్ ఆమ్లం 2.72 గ్రాములు, అంటే 20 మిల్లీమోల్‌లు. థయోనిల్ క్లోరైడ్ ఒకటిన్నర రెట్లు, 30 మిల్లీమోల్‌లు, కొలిస్తే సుమారు 2.2 మిల్లీలీటర్లు. ఫ్లాస్కు పొడిగా ఉండాలి. ఎంత పొడిగా అంటే, ఓవెన్‌లో ఆరబెట్టి, కండెన్సర్ మీద కాల్షియం క్లోరైడ్ గొట్టం పెట్టేంత. లోపల ఒక్క చుక్క నీరున్నా అది థయోనిల్ క్లోరైడ్‌ను తినేస్తుంది, పుట్టిన ఆమ్ల క్లోరైడ్‌నూ తిరిగి ఆమ్లంగా మార్చేస్తుంది. ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి. వెలువడే రెండు వాయువులూ ఊపిరితిత్తులను కోస్తాయి. వాటిని గొట్టం ద్వారా సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం వైపు పంపుతారు. గొట్టం చివర గరాటును బోర్లించి, ద్రావణానికి కాస్త పైన ఉంచుతారు, అందులో ముంచరు. ముంచితే ఫ్లాస్కు చల్లబడ్డప్పుడు ఆ నీరంతా వెనక్కి పీల్చుకుని ఆమ్ల క్లోరైడ్ మీద పడుతుంది. అది ప్రమాదం.

సన్నటి వేడి మీద తెల్లపొడి కరిగి బుడగలు మొదలవుతాయి. ఈ బుడగలే మనకు గడియారం. అరగంట అటూ ఇటూలో అవి ఆగిపోతాయి, ఫ్లాస్కులో లేత పసుపు ద్రవం మిగులుతుంది. అయితే బుడగలు ఆగడం ఒక్కటే చాలిన సాక్ష్యం కాదు, వేడి తగ్గినా అవి ఆగుతాయి. నమ్మకం కావాలంటే ఒక చుక్క తీసి పొడి మిథనాల్‌లో వేయాలి. ఆమ్ల క్లోరైడ్ ఉంటే అది వెంటనే మిథైల్ ఎస్టర్‌గా మారిపోతుంది. టీఎల్‌సీ ప్లేటు మీద ఎస్టర్ మచ్చ పైకి పాకుతుంది, మారకుండా మిగిలిన ఆమ్లం కిందే ఉండిపోతుంది. కింద మచ్చ ఉందంటే పని ఇంకా పూర్తికాలేదన్నమాట.

మొండిగా కదలని ఆమ్లాలకు ఒక చుక్క డీఎంఎఫ్ వేస్తారు. అది థయోనిల్ క్లోరైడ్‌తో కలిసి మరింత చురుకైన రూపం తాల్చి, క్లోరిన్‌ను మోసుకొచ్చి ఇచ్చి, మళ్లీ డీఎంఎఫ్‌గా మారిపోతుంది. పని చాలా వేగవంతమవుతుంది. కాకపోతే డైమిథైల్ కార్బమాయిల్ క్లోరైడ్ అనే క్యాన్సర్ కారకం లేశమాత్రంగా పుట్టే వీలుంది. అందుకే మందుల తయారీలో ఆ ఒక్క చుక్కకూ లెక్క చెప్పాలి.

తరవాతి అడుగు తొందరపాటుకు బలయ్యేది. మిగిలిన థయోనిల్ క్లోరైడ్‌ను పూర్తిగా తీసేయకుండా ఎమీన్ పోస్తే, ఎమీన్ ముందు దాని మీదే పడుతుంది. ఒక్కసారిగా వేడి, తెల్లటి దట్టమైన పొగ, ఫ్లాస్కు మూతిదాకా పొంగు. అందుకే కాస్త పొడి టాలూయీన్ కలిపి, రోటరీ ఎవాపరేటర్ మీద ఆవిరిచేసి, మళ్లీ ఒకసారి అదే పని చేస్తారు. టాలూయీన్ పోతూ పోతూ చివరి థయోనిల్ క్లోరైడ్‌నూ వెంటబెట్టుకు పోతుంది. ఆమ్ల క్లోరైడ్ బరువైనది, ఎక్కువ వేడికి గానీ మరగదు కాబట్టి ఫ్లాస్కులోనే నిలుస్తుంది.

ఇప్పుడు ఎమీన్ వంతు. ఆమ్ల క్లోరైడ్‌లోని కార్బన్‌ను ఒక పక్క ఆక్సిజన్, మరో పక్క క్లోరిన్ లాగుతున్నాయి. ఎలక్ట్రాన్ల కోసం అది అలమటిస్తోంది. ఎమీన్ నైట్రోజన్ తన జంటతో అతుక్కుంటుంది, క్లోరైడ్ వెళ్లిపోతుంది, నైట్రోజన్ మీదున్న ప్రోటాన్ ఊడిపోతుంది. ఊడిన ప్రోటాన్, వెళ్లిన క్లోరైడ్ కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మొదట్లో మనల్ని ఇబ్బంది పెట్టిన కథే మళ్లీ తలెత్తింది: ఫ్లాస్కులో ఆమ్లం ఉంది, ఎమీన్ ఉంది. చర్యకు రాని ఎమీన్ ఈ ఆమ్లాన్ని పట్టుకుని ఉప్పుగా మారి పక్కకు కూర్చుంటుంది. సమానంగా 20 మిల్లీమోల్‌ల ఎమీన్ పోస్తే, 10 డీట్‌గా మారేసరికి మిగతా 10 ఉప్పులో చిక్కుకుపోతాయి. సగం ఆమ్ల క్లోరైడ్ జోడీ లేకుండా మిగిలిపోతుంది. సగం దిగుబడి దగ్గర చర్య నిలిచిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే.

దీనికి మూడు దారులున్నాయి. ఎమీన్‌నే రెండు రెట్లకు పైగా పోయడం మొదటిది. డైఇథైల్ ఎమీన్ చవక కాబట్టి ఇక్కడ నడుస్తుంది, ఎన్నో మెట్లు ఎక్కి తయారుచేసుకున్న ఖరీదైన ఎమీన్‌తో సగం పారబోయలేం. రెండోది ట్రైఇథైల్ ఎమీన్ లాంటి క్షారం. దాని నైట్రోజన్‌కు మూడు వైపులా కార్బన్లే, ఊడిపోవడానికి హైడ్రోజన్ లేదు. కాబట్టి అది ఎమైడ్‌గా మారలేదు, ఆమ్లాన్ని మాత్రం పట్టుకోగలదు. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది: నీళ్లలో కలిపిన మామూలు సోడియం హైడ్రాక్సైడ్.

ఇది వినగానే ఎవరికైనా సందేహం రావాలి. చుక్క నీరు తగలకూడదని ఓవెన్‌లో ఆరబెట్టిన ఆమ్ల క్లోరైడ్‌ను ఇప్పుడు క్షారం కలిపిన నీళ్లలో పోయడమేమిటి? 1880లలో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు కార్ల్ షాటెన్, యూజెన్ బౌమన్ చూపించింది ఇదే, షాటెన్–బౌమన్ పద్ధతి అని వాళ్ల పేరే నిలిచింది. కీలకం రెండు విషయాల్లో ఉంది. మెటా-టాలూయిల్ క్లోరైడ్ నీటిలో దాదాపు కరగదు, నూనెలా వేరుగా ఉంటుంది. నీరు దాన్ని చేరేది నూనెచుక్క అంచు దగ్గర మాత్రమే. ఎమీన్‌కు నూనెలోనూ చోటుంది, పైగా దాడి చేయడంలో నీటికంటే ఎన్నో రెట్లు చురుకు. పందెంలో ఎమీనే గెలుస్తుంది. పుట్టిన ఆమ్లాన్ని నీటి పొరలోని క్షారం మింగేస్తుంది, ఎమీన్‌ను మళ్లీ మళ్లీ విడుదల చేస్తుంది. అందరు ఆమ్ల క్లోరైడ్లకూ ఈ భద్రత లేదు. ఎసిటైల్ క్లోరైడ్ నీటిలో పడితే బుస్సుమని క్షణాల్లో అయిపోతుంది. బెంజీన్ వలయానికి అతుక్కున్నవి నెమ్మదిగా కరుగుతాయి, అందుకే ఈ దారి వాటికి సరిపడుతుంది.

మన లెక్కలో డైఇథైల్ ఎమీన్‌ను కూడా ఉప్పు రూపంలోనే, హైడ్రోక్లోరైడ్‌గా వాడొచ్చు. ఆవిరైపోతుందన్న బెంగ ఉండదు. 24 మిల్లీమోల్‌లు, అంటే 2.63 గ్రాములు. క్షారం ఎంత కావాలి? ఆ ఉప్పులోంచి ఎమీన్‌ను విడిపించడానికి 24, చర్యలో పుట్టే ఆమ్లాన్ని పట్టడానికి 20, మొత్తం 44 మిల్లీమోల్‌లు. కాస్త చేయి జారవిడిచి 60 తీసుకుంటే 2.4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్, 20 మిల్లీలీటర్ల నీటిలో. దీన్ని మంచులో చల్లబెట్టి, బాగా కలియతిప్పుతూ ఆమ్ల క్లోరైడ్‌ను చుక్కలుగా వేస్తారు. నూనె సన్నటి చుక్కలుగా చెదిరితే అంచులు పెరిగి పని త్వరగా అవుతుంది. అందుకోసం కొందరు చిటికెడు సోడియం లారిల్ సల్ఫేట్, సబ్బు జాతిది, కలుపుతారు. మధ్యమధ్య పీహెచ్ కాగితం ముంచి చూడాలి. గట్టి క్షార రంగు పోతోందంటే ఎమీన్ మళ్లీ ఉప్పులోకి జారుతోందని అర్థం, ఇంకాస్త క్షారం వేయాలి. చేయి తొందరపడి ఒక్కసారిగా పోస్తే వేడెక్కుతుంది, వేడిలో హైడ్రాక్సైడ్ కూడా పందెంలోకి దూకి ఆమ్ల క్లోరైడ్‌ను వెనక్కి ఆమ్లంగా మార్చేస్తుంది.

శుద్ధిచేయడంలో ఎమైడ్ గుణమే మనకు సాయం చేస్తుంది. ఎమైడ్‌లోని నైట్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటను పక్కనున్న కార్బన్–ఆక్సిజన్ జతతో పంచుకుంటుంది. కాబట్టి పల్చటి ఆమ్లానికి అది లొంగదు, క్షారానికీ లొంగదు. ఈథర్‌లోకి తీసిన ద్రావణాన్ని సెపరేటింగ్ ఫన్నెల్‌లో ముందు పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే మిగిలిన ఎమీన్ నీటిలోకి దిగిపోతుంది. తరవాత పల్చటి క్షారంతో కడిగితే వెనక్కి మారిన ఆమ్లమేదైనా ఉంటే అదీ పోతుంది. ఈథర్‌లో మిగిలేది డీట్. ఉప్పునీటితో కడిగి, నిర్జల సోడియం సల్ఫేట్ వేసి తేమ తీసి, ఈథర్‌ను ఆవిరిచేస్తే లేత పసుపు నూనె మిగులుతుంది. పూర్తిగా వస్తే 3.83 గ్రాములు రావాలి, 3.06 వస్తే 80 శాతం. క్షారపు కడుగునీటిని పారబోసే ముందు దానిలో ఆమ్లం కలిపి చూడండి. తెల్లటి పొడి పడితే అది మెటా-టాలూయిక్ ఆమ్లమే. తప్పిన దిగుబడి ఎక్కడికి పోయిందో ఆ పొడి బరువే చెబుతుంది.

చేతికొచ్చింది డీటేనా అని ఇన్‌ఫ్రారెడ్ పరికరం చెబుతుంది. ఆమ్లంలో కార్బన్–ఆక్సిజన్ జంట బంధం 1690 దగ్గర కనిపిస్తుంది, క్లోరైడ్‌గా మారగానే 1770 దాకా ఎక్కుతుంది, ఎమైడ్ కాగానే 1635 దగ్గరికి దిగుతుంది. క్లోరిన్ లాగుడుకు ఆ బంధం బిగుసుకుంటే, నైట్రోజన్ పంపకానికి సడలుతుంది. ఇంకో ముచ్చటైన సాక్ష్యం ఎన్ఎమ్ఆర్‌లో ఉంది. డీట్‌లోని రెండు ఇథైల్ గుంపులూ కాగితం మీద ఒకేలా ఉంటాయి. గది వేడి దగ్గర మాత్రం అవి వేర్వేరుగా, ఉబ్బిన గీతలుగా కనిపిస్తాయి. నైట్రోజన్ పంపకం వల్ల కార్బన్–నైట్రోజన్ బంధం సగం జంట బంధంలా బిగుసుకుని తేలిగ్గా తిరగలేదు, అందుకే ఒక ఇథైల్ ఆక్సిజన్ వైపు, మరొకటి వలయం వైపు నిలిచిపోతాయి. వేడిచేస్తే రెండూ కలిసిపోతాయి.

మన దేశంలో డీట్‌కు దగ్గరి చుట్టం ఒకటుంది, డెపా. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ దీని మీద చాలా పని చేసింది. ఎమీన్ అదే డైఇథైల్ ఎమీన్, ఆమ్లం మాత్రం ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, క్షారం ఎంచుకునేటప్పుడు పెద్దది. ఈ ఆమ్ల క్లోరైడ్‌లో కార్బొనిల్ పక్కనే తేలిగ్గా ఊడే హైడ్రోజన్లున్నాయి. దాన్ని ట్రైఇథైల్ ఎమీన్‌తో ఒంటరిగా వదిలితే క్షారం ఆ హైడ్రోజన్‌నే లాగేసి కీటీన్ అనే చంచలమైన అణువును పుట్టిస్తుంది. దాని నుంచి రంగు మారిన జిగురు తయారవుతుంది. అలాంటి చోట ఎమీన్, క్షారం కలిసి ఉన్న చల్లటి ద్రావణంలోకి ఆమ్ల క్లోరైడ్‌ను మెల్లగా వేయాలి, ముందే క్షారంతో కలిపి ఉంచకూడదు.

ఎన్‌హైడ్రైడ్‌ది కాస్త నెమ్మది స్వభావం. క్లోరిన్‌కు బదులు అక్కడ మరో ఆమ్లపు ముక్క కూర్చుని ఉంటుంది, వెళ్లేటప్పుడు కార్బాక్సిలిక్ ఆమ్లంగా వెళ్తుంది. మనందరి ఇళ్లలో ఉండే పారాసిటమాల్ దీనికి చక్కటి ఉదాహరణ. పారా-ఎమినోఫినాల్‌ను నీటిలో కలిపి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ పోసి వేడిచేస్తే, చల్లారాక పారాసిటమాల్ స్ఫటికాలు పడతాయి. ఈ ఎన్‌హైడ్రైడ్ నాటు సారాలా ఎవరైనా కొనుక్కునే సరుకు కాదు. హెరాయిన్ తయారీలోకి మళ్లుతుందన్న భయంతో మన దేశంలో మత్తుమందుల చట్టం కింద దాని కొనుగోళ్లు, రవాణా నియంత్రణలో ఉంటాయి.

ఇక్కడ సోడియం హైడ్రాక్సైడ్ వేయడం తప్పు. పారా-ఎమినోఫినాల్‌కు రెండు చేతులున్నాయి, ఒకవైపు నైట్రోజన్, మరోవైపు –OH. మామూలుగా నైట్రోజనే చురుకు, ఎన్‌హైడ్రైడ్ దాన్నే అతుక్కుంటుంది. గట్టి క్షారం వేస్తే –OH తన ప్రోటాన్‌ను వదిలి ఆవేశం తెచ్చుకుని తానూ పోటీకి దిగుతుంది, రెండు చేతులకూ ఎసిటైల్ తగిలిన అణువు కలుస్తుంది. పైగా క్షారంలో పారా-ఎమినోఫినాల్ గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది. క్షారం లేకున్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే పుట్టేది ఎసిటిక్ ఆమ్లమే. బలహీనమైన ఆ ఆమ్లం ఈ జాతి ఎమీన్‌ను పూర్తిగా ఉప్పులో బంధించలేదు.

ఎన్‌హైడ్రైడ్‌కు ఉన్న లోపం, అందులోని రెండు ఆమ్లపు ముక్కల్లో ఒకటి వృథా అవడం. ఎసిటిక్ ఆమ్లమైతే పోయిందేమీ లేదు. ఖరీదైన ఆమ్లమైతే సగం పోతే ఎవరికీ గిట్టదు. దానికి విరుగుడు మిశ్రమ ఎన్‌హైడ్రైడ్. ఖరీదైన ఆమ్లాన్ని క్షారంతో ఉప్పుగా మార్చి, చలిలో పివలాయిల్ క్లోరైడ్ కలుపుతారు. ఒక పక్క మన ఆమ్లం, మరో పక్క చవకైన పివాలిక్ ఆమ్లం ఉన్న జోడీ తయారవుతుంది. పివాలిక్ వైపు కార్బొనిల్ పక్కన మూడు మిథైల్ గుంపులు గుమిగూడి ఉంటాయి, ఎమీన్‌కు అటు చొరబడే సందు లేదు. అందుకని మన ఆమ్లం వైపే దాడి చేస్తుంది, వృథా అయ్యేది పివాలిక్ ముక్క. అమాక్సిసిలిన్ తయారీలో దశాబ్దాలుగా వాడిన దారి ఇది. అక్కడ ఎమీన్ వైపు ఉండేది 6-ఏపీఏ, పెన్సిలిన్ నడిబొడ్డు లాంటి ముక్క. దానిలో నాలుగు పరమాణువుల బిగుతైన వలయం ఉంది, అదీ ఒక ఎమైడే. కానీ ఆ ఇరుకులో నైట్రోజన్ పంపకం సరిగా సాగదు కాబట్టి, డీట్‌లా మొండిది కాదు, గట్టి క్షారం తగిలితే తెరుచుకుని మందుగా పనికిరాకుండా పోతుంది. అందుకే ఈ చర్యను గడ్డకట్టే చలికంటే దిగువన, ట్రైఇథైల్ ఎమీన్ లాంటి మెత్తటి క్షారంతో, కావలసినంతే వేసి నడుపుతారు.